హడ్‌కి ఒక్క స్లైడర్ చాలదు

(హైదరాబాద్‌లో గేమ్ డెవలపర్ల సమావేశంలో ఒక యూఐ ప్రోగ్రామర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం మాదాపూర్ ట్రాఫిక్‌ దాటుకుని వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం పెట్టకుండా విషయంలోకి వెళ్లిపోతాను. ఆట ఆడుతుంటే తెర మీద ఎప్పుడూ ఉండే సమాచారం, అంటే ప్రాణం ఎంత మిగిలింది, తూటాలు ఎన్ని ఉన్నాయి, మినీమ్యాప్, తర్వాత ఏం చేయాలో చెప్పే పెట్టె, ఇదంతా కలిపి హెడ్స్-అప్ డిస్‌ప్లే. మనమంతా హడ్ అనే అంటాం కదా, నేనూ అలాగే అంటాను.

ఈ హడ్‌ని దాదాపు అందరం 1920×1080 తెర మీదే గీస్తాం. గీసిన తెర మీద బాగానే ఉంటుంది. గొడవంతా బయటి తెరల మీద మొదలవుతుంది. ఇద్దరు ఆటగాళ్లని ఊహించుకోండి. ఒకాయన సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి 34 అంగుళాల అల్ట్రావైడ్ మానిటర్ కొనుక్కొచ్చాడు, 3440×1440. ఇంకొకామె మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్తూ స్టీమ్ డెక్‌లో ఆడుతుంది, 1280×800, ఏడంగుళాల తెర. ఆయనేమో "మ్యాప్ చూడాలంటే మెడ తిప్పాల్సి వస్తోంది" అంటాడు. ఆమె "అక్షరాలు కనబడట్లేదు" అంటుంది. ఇద్దరూ సెట్టింగుల్లోకి వెళ్తారు. అక్కడ `HUD Scale` అని ఒకే ఒక స్లైడర్ ఉంటుంది. ఆయన దాన్ని ఎంత జరిపినా మ్యాప్ మూలలోనే ఉంటుంది, కాస్త పెద్దదో చిన్నదో అవుతుంది, అంతే. ఆమె పెద్దది చేస్తే అక్షరాలు కనబడతాయి గానీ కింద ఉన్న పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఆయనకి కావలసింది చోటు మార్చడం, ఆమెకి కావలసింది సైజు. ఈ రెండూ వేర్వేరు పనులు. అపారదర్శకత, అంటే ఒపాసిటీ, మూడో పని. అది అన్నిటికంటే తికమకది కాబట్టి దాన్ని చివర్లో తీరిగ్గా చూద్దాం.

ముందు మన అల్ట్రావైడ్ ఆయన సంగతి. 34 అంగుళాల ఆ తెర వెడల్పు దాదాపు 80 సెంటీమీటర్లు. దాన్ని 27 అంగుళాల మామూలు 2560×1440 తెరకి రెండు పక్కలా 440 పిక్సెళ్ల రెక్కలు అతికించినట్టు అనుకోండి, ఎత్తు అదే. 65 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే, మామూలు తెర అంచు చూపు మధ్య నుంచి సుమారు 24.7 డిగ్రీల పక్కన ఉంటుంది. ఈ రెక్కల చివర సుమారు 31.5 డిగ్రీలు. ఏడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ మామూలు అంచుని చాలామంది కంటి కొసతో చూసేస్తారు, రెక్క చివర ఉన్నదాని కోసం తల కదుపుతారు. పోరాటం మధ్యలో నిమిషానికి పదిసార్లు మ్యాప్ చూసేవాడికి ఆ తేడా బాగానే తెలుస్తుంది.

మా టీమ్ యూనిటీ వాడుతుంది, కాబట్టి యూనిటీ పేర్లతోనే చెప్తాను. వేరే ఇంజన్ వాడేవాళ్లకి పేర్లు మారతాయి, లెక్క మారదు. `Canvas Scaler` తీసుకుని `Scale With Screen Size` పెట్టి, రిఫరెన్స్ 1920×1080 అని రాసేసి, కింద `Match` అనే అంకెని ముట్టుకోకుండా వదిలేస్తాం. అది మొదట్నుంచీ 0లో ఉంటుంది. 0 అంటే వెడల్పుని మాత్రమే చూడు అని. 3440ని 1920తో భాగిస్తే 1.79. అంటే హడ్ మొత్తం 1.79 రెట్లు అవుతుంది. కానీ ఎత్తు పెరిగింది 1.33 రెట్లే. మన కాన్వాస్ ఎత్తు 1440ని 1.79తో భాగిస్తే దాదాపు 804 యూనిట్లు. మనం గీసింది 1080 ఎత్తులో.

ఇది కళ్లకి ఎలా కనిపిస్తుందో మా హడ్ కుడి పక్కన చూద్దాం. పైన మినీమ్యాప్ 300 యూనిట్లు, దాని కింద చేయాల్సిన పనుల పెట్టె 360, అట్టడుగున ఆయుధం, తూటాలు 180. మొత్తం 840. 1080లో 240 మిగిలి హాయిగా ఉంటుంది. 804లో 36 తక్కువ పడుతుంది. పనుల పెట్టె చివరి లైను తూటాల అంకె మీదకి దిగుతుంది. అల్ట్రావైడ్ వాళ్లు పంపే స్క్రీన్‌షాట్‌లో నిలువుగా పెట్టెలు గుద్దుకుంటూ ఉంటే, వేరే ఏమీ వెతక్కుండా ముందు ఈ `Match` అంకె చూడండి. కొందరు మధ్యేమార్గంగా 0.5 పెడతారు. అప్పుడు స్కేల్ 1.55 దగ్గర వస్తుంది, గుద్దుకోవడం ఆగుతుంది, కానీ ప్రతిదీ అవసరానికి మించి 16 శాతం పెద్దగా ఉంటుంది. జబ్బు పోలేదు, కనపడకుండా పోయింది.

నేను వాడేది `Screen Match Mode`లో `Expand`. రెండు నిష్పత్తుల్లో చిన్నదాన్ని తీసుకుంటుంది, అందువల్ల కాన్వాస్ ఎప్పుడూ 1920×1080 కంటే తగ్గదు. అల్ట్రావైడ్‌లో స్కేల్ 1.33, కాన్వాస్ 2580×1080. డెక్‌లో స్కేల్ 0.667, కాన్వాస్ 1920×1200. రెండు చోట్లా గీసినంత చోటు కచ్చితంగా ఉంటుంది.

ఇప్పుడు సైజు కుదిరింది. మూలల సమస్య అలాగే ఉంది, ఎందుకంటే మ్యాప్ ఇప్పుడు 2580 యూనిట్ల కాన్వాస్‌కి మూలలో ఉంది. దీనికి హడ్ మొత్తాన్ని ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బా వెడల్పుని ఆటగాడి చేతికి ఇవ్వాలి. 0 అంటే మధ్యలోని 16:9 భాగం, 1 అంటే తెర అంచుల దాకా. కోడ్ ఇంతే:

```csharp
float full = canvasRect.rect.width;
float narrow = Mathf.Min(full, canvasRect.rect.height * 16f / 9f);
float w = Mathf.Lerp(narrow, full, spread);
hudRoot.SetSizeWithCurrentAnchors(RectTransform.Axis.Horizontal, w);
```

ఆ `Min` ఎందుకంటే, డెక్‌లో ఎత్తు 1200, దాన్ని 16:9తో లెక్కేస్తే 2133 వస్తుంది, తెరే 1920. `Min` లేకపోతే డబ్బా తెర దాటిపోయి మ్యాప్‌లో దాదాపు మూడో వంతు బయట ఉంటుంది. రెండు చివరల మధ్య ఎక్కడైనా ఆపుకోనివ్వండి. "16:9", "21:9" అని రెండు బటన్లు మాత్రం ఇవ్వకండి, తెర వంపుని బట్టీ కుర్చీ దూరాన్ని బట్టీ ఒక్కొక్కరికి ఒక్కో చోటు కుదురుతుంది.

ఈ డబ్బాలో పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. గురిచుక్క, దెబ్బ తగిలినప్పుడు అంచుల్లో వచ్చే ఎరుపు, ఇవి తెర మొత్తానికి సంబంధించినవి. అసలు తిప్పలు పెట్టేది లోకంలో ఒక చోటుని చూపించే గుర్తు, "ఇటు వెళ్లు" అని తలుపు మీద తేలుతుండే బాణం. దాని స్థానాన్ని కెమెరా తెర మొత్తం లెక్కలో ఇస్తుంది. మనం దాన్ని డబ్బా వెడల్పుతో గుణిస్తే, తలుపు తెర మధ్యలో ఉన్నప్పుడు గుర్తు సరిగ్గా తలుపు మీదే ఉంటుంది. కెమెరా పక్కకి తిప్పుతుంటే గుర్తు తలుపు కంటే వెనకబడుతూ వస్తుంది. అంచుకి వచ్చేసరికి గోడ మీద ఉంటుంది. టెస్టింగ్ చేసేవాళ్లు నేరుగా తలుపు వైపు నడుస్తారు కాబట్టి ఇది దొరకదు. నిలబడి కెమెరా పక్కకి తిప్పి చూడమని చెప్పండి. గుర్తుల్ని డబ్బా బయట, తెర నిండా ఉండే పొరలో పెడితే సరి.

సరే, ఇప్పుడు మెట్రోలో ఉన్న అమ్మాయి దగ్గరికి వద్దాం. `Expand` పెట్టాక చోటు సరిపోయింది, అక్షరాలు మాత్రం చిక్కిపోయాయి. పనుల పెట్టెలో అక్షరం సైజు 18 యూనిట్లు అనుకోండి. డెక్‌లో అది 12 పిక్సెళ్లు. ఇంగ్లిష్ పెద్దక్షరం ఎత్తు ఫాంట్ సైజులో 70 శాతం ఉంటుంది కాబట్టి 8.4 పిక్సెళ్లు. వాల్వ్ తన డెక్ కోసం పెట్టిన నియమం ఏమిటంటే, 1280×800 దగ్గర తెర మీది అతి చిన్న అక్షరం ఎత్తు 9 పిక్సెళ్లకి తగ్గకూడదు. మనం తప్పాం. ఇంకోలా చూద్దాం. ఆ 12 పిక్సెళ్లు ఏడంగుళాల తెర మీద 1.4 మిల్లీమీటర్లు, ఆమె 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తోంది. అదే 18 యూనిట్లు అల్ట్రావైడ్‌లో 24 పిక్సెళ్లు, అంటే ఐదున్నర మిల్లీమీటర్లు, 65 సెంటీమీటర్ల దూరం. దూరం లెక్కలోకి తీసుకున్నా ఆమె కంటికి ఆ అక్షరం ఆయన చూసేదాంట్లో దాదాపు సగమే.

తెలుగులో ఆట పెడితే ఇంకా కష్టం. మనకి అక్షరం కింద ఒత్తు, పైన గుడి, ఏత్వం. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు ఒకే చోట ఇరుక్కుంటాయి. 12 పిక్సెళ్లలో త వత్తు, ర వత్తు రెండూ కలిసి ఒక మరక అవుతాయి. నా కంటికి తెలుగుకి 18 పిక్సెళ్ల లోపు వద్దు, పైగా ఇంగ్లిష్ కోసం పెట్టిన లైన్ల మధ్య దూరం కూడా చాలదు. పై లైను ఒత్తులు కింది లైను గుడుల్ని తాకుతాయి.

మరి స్కేల్ 1.3 చేద్దామంటే కింది వరస చూడండి. ఎడమన ప్రాణం, శక్తి 420 యూనిట్లు. మధ్యలో వస్తువుల వరస 900, పది గడులు ఒక్కోటి 90. కుడిన ఆయుధం 420. మొత్తం 1740. 1920ని 1740తో భాగిస్తే 1.10. అంటే ఈ అమరికకి స్కేల్ స్లైడర్ 110 శాతం దాటితే గుద్దుకోవడమే. స్లైడర్ మీద మాత్రం 150 అని రాసి ఉంటుంది! (నవ్వులు) అల్ట్రావైడ్‌లో డబ్బాని అంచుల దాకా సాగదీస్తే అడ్డంగా 148 శాతం దాకా చోటుంటుంది, కానీ ఇందాకటి కుడి పక్క పెట్టెలు నిలువునా 840 కాబట్టి 1080 ఎత్తులో 128 దాటితే అవి గుద్దుకుంటాయి. అదే ఆయన మెడ నొప్పి అని డబ్బాని 16:9కి దగ్గరికి లాగాడా, మళ్లీ 110కి వచ్చాం. కాబట్టి స్లైడర్ పై హద్దు ముందే రాసిపెట్టే అంకె కాదు. అప్పటి డబ్బా వెడల్పుని వరస వెడల్పుతో, ఎత్తుని నిలువు పెట్టెల ఎత్తుతో భాగించి, రెండిట్లో చిన్నదాన్ని అక్కడికక్కడే తీసుకోవాలి.

ఆ హద్దుని పెంచాలంటే అమరికని మార్చాలి. మేం చేసేది, 110 దాటగానే పది గడుల వరసని ఐదేసి గడుల రెండు వరసలుగా మడవడం. అప్పుడు మధ్య వెడల్పు 450, మొత్తం 1290, అడ్డం హద్దు 148 శాతానికి లేస్తుంది, డెక్‌లో నిలువు హద్దు 142 దగ్గర ఉంటుంది. డెక్‌లో ఎత్తు 1200 ఉంది కాబట్టి రెండో వరసకి చోటు ఊరికే దొరికింది. దీంతో పాటు అక్షరాల సైజుకి వేరే స్లైడర్ ఇవ్వండి. చాలాసార్లు ఆమెకి పెద్ద మ్యాప్ అక్కర్లేదు, పెద్ద అక్షరాలు చాలు. పిక్సెల్ కంటే సన్నబడే గీతలు ఇంకొకటి. ఒక యూనిట్ మందం గీత డెక్‌లో 0.667 పిక్సెల్, కొన్ని కనబడతాయి, కొన్ని మాయమవుతాయి. గీతలకి కనీసం ఒక పిక్సెల్ అని కోడ్‌లో పట్టుబట్టండి, అయిపోతుంది.

ఇప్పుడు ఒపాసిటీ. ఇద్దరూ అడుగుతారు, కారణాలు వేరు. ఆయన దగ్గర ఓఎల్ఈడీ ప్యానెల్ ఉంటే కదలని హడ్ అచ్చు తెరలో ఉండిపోతుందని టెన్షన్. ఆమెది చిన్న తెర, హడ్ పెద్దది చేశాక ఆట కనబడట్లేదు, వెనకాల ఏముందో తెలియాలి. మనం ఏం చేస్తాం? హడ్ మొత్తానికి ఒక `CanvasGroup` తగిలించి, `alpha`ని స్లైడర్‌కి కట్టేస్తాం. అయిదు నిమిషాల పని. ఇందులోనే మునుగుతాం.

మా ఆటలో గోల్కొండ లాంటి కోట ఉంది, మిట్టమధ్యాహ్నం, ఎండకి తెల్లబడిన రాళ్లు, వాటి పైన ఇంకా తెల్లటి ఆకాశం. తెల్ల అక్షరాలు, వాటి వెనక 60 శాతం నల్లటి పలక. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ 4.5కి 1 ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న కొలత, వెబ్‌సైట్ల ప్రమాణంలో ఉన్నది అదే. వెనక పూర్తి తెలుపు ఉందని, అంటే అన్నిటికంటే చెడ్డ స్థితి అని, లెక్కేద్దాం. పలక వేశాక నేపథ్యం 40 శాతం బూడిద రంగు అవుతుంది. కాంట్రాస్ట్ 5.7. పాస్.

ఇప్పుడు ఆమె హడ్ ఒపాసిటీని 50 శాతం చేసింది. `CanvasGroup` ఆ 0.5తో లోపలున్న ప్రతిదాన్నీ గుణిస్తుంది. 60 శాతం పలక 30 శాతం అయింది. తెల్ల అక్షరం కూడా 50 శాతం అయింది. పలక ఉన్న చోట 70 శాతం వెలుగు, అక్షరం ఉన్న చోట 85. కాంట్రాస్ట్ 1.5. అక్షరం ఉందని తెలుస్తుంది, అక్కడ ఏం రాసుందో తెలియదు. ఇదే హడ్‌ని కోట లోపల చీకటి సొరంగంలో చూస్తే అక్షరాలు చక్కగా కనబడతాయి. ఆఫీసులో టెస్ట్ లెవెల్ సాధారణంగా ముదురు రంగుదే కాబట్టి ఇది బయటపడదు. ఒపాసిటీని ఎప్పుడూ మీ ఆటలో అన్నిటికంటే తెల్లటి చోట నిలబడి పరీక్షించండి.

దీని కింద ఇంకో తికమక ఉంది. నేను చెప్పిన 5.7 డిజైనర్ తన బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చూసే లెక్క, రంగుల్ని గామా అంకెల్లోనే కలిపేస్తుంది. ఇప్పటి యూనిటీ ప్రాజెక్టులు ఎక్కువగా `Linear` కలర్ స్పేస్‌లో ఉంటాయి, అక్కడ కలపడం వెలుగు లెక్కలో జరుగుతుంది. అదే 60 శాతం నల్ల పలక, అదే తెల్ల ఆకాశం, కాంట్రాస్ట్ 2.3కి పడిపోతుంది. 4.5 రావాలంటే పలక 82 శాతం ఉండాలి. డిజైనర్ "నేను ఇచ్చింది అరవై, మీరు పెట్టింది ముప్పైలా ఉంది" అంటాడు, ప్రోగ్రామర్ "కోడ్‌లో 0.6 అనే ఉంది చూసుకో" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పలకల ఒపాసిటీని ఇంజన్‌లోనే, ఆ తెల్లటి చోటే, కంటితో చూసి ఖాయం చేసుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

అందుకని స్లైడర్లు రెండు. ఒకటి పలకలకి, ఇది సున్నా దాకా వెళ్లొచ్చు. రెండోది అక్షరాలకీ బొమ్మలకీ, ఇది ఒక హద్దు కిందకి దిగకూడదు. నేను 70 శాతం దగ్గర ఆపుతాను, అది నా అభిప్రాయం, మీ రంగుల్ని బట్టి చూసుకోండి. పలక సున్నా చేసినప్పుడు అక్షరం చుట్టూ నల్లటి అంచు దానంతటదే రావాలి, లేకపోతే తెల్ల ఆకాశంలో తెల్ల అక్షరాన్ని ఎవరూ కాపాడలేరు.

`CanvasGroup` గురించి ఇంకొక్క మాట. అది గుంపుని గుంపుగా పల్చన చేయదు, ఒక్కొక్క బొమ్మనీ విడివిడిగా పల్చన చేస్తుంది. ప్రాణం పట్టీలో ముదురు అడుగు, దాని మీద ఎరుపు నింపు, దాని మీద ఫ్రేమ్ ఉన్నాయనుకోండి. 50 శాతం దగ్గర ఎరుపులోంచి ముదురు అడుగు కనబడి ఎరుపు మట్టి రంగు అవుతుంది. నిండిన భాగానికీ ఖాళీ భాగానికీ తేడా తగ్గిపోతుంది. ప్రాణం సగం ఉందో పావు ఉందో అర్థం కాదు. ఎరుపు కింద అడుగు గీయకుండా, ఖాళీ అయిన భాగం మీద మాత్రమే గీస్తే ఇది పోతుంది. ఎలాగూ ప్రాణం పావు కంటే తగ్గగానే ఆ పట్టీ ఒపాసిటీ ఆటగాడి సెట్టింగ్‌తో సంబంధం లేకుండా 100కి రావాలి.

ఓఎల్ఈడీ ఆయనకి మాత్రం ఒపాసిటీ సగం మందే. తెల్ల ఆకాశం మీద తెల్ల అక్షరాన్ని పల్చన చేస్తే ఆ పిక్సెళ్లు వెలిగేది అంతే వెలుగుతో. ఆయనకి కావలసింది హడ్ తెలుపుని కాస్త బూడిదకి దించే బ్రైట్‌నెస్ స్లైడర్, లేదా పోరాటం లేనప్పుడు కొన్ని సెకన్ల తర్వాత హడ్ దానంతటదే తప్పుకోవడం.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: సార్, డెక్‌లో ఎఫ్‌పీఎస్ కోసం రిజల్యూషన్ తగ్గిస్తే హడ్ ఏమవుతుంది?)

తెర రిజల్యూషన్‌నే 960×600 చేస్తే హడ్ కూడా ఆ పిక్సెళ్లలోనే గీయాలి, మన 12 పిక్సెళ్లు 9 అవుతాయి, పైగా సాగదీసినందుకు మసకబారుతుంది. అందుకే ఆటలో రెండర్ స్కేల్ అని విడిగా ఇవ్వండి. 3డీ దృశ్యం తక్కువ పిక్సెళ్లలో గీసి పెద్దది చేస్తారు, హడ్ మాత్రం ఆ తర్వాత పూర్తి 1280×800లో పడుతుంది.

(సభలోంచి: 32:9 తెరకి కూడా ఇదే డబ్బా పనిచేస్తుందా అండి?)

పనిచేస్తుంది. 5120×1440లో పక్కకి 1280 పిక్సెళ్ల చొప్పున రెక్కలు ఉంటాయి. 1440 ఎత్తు ఒకటే కాబట్టి స్కేల్ మళ్లీ 1.33. అక్కడ మాత్రం `spread`ని మొదట్లోనే 0లో పెట్టి పంపండి. 21:9లో అంచుల దాకా పెట్టినా కొందరు సర్దుకుంటారు, 32:9లో మ్యాప్ ఎక్కడుందో వెతుక్కుంటారు.

(సభలోంచి: మా దగ్గర డెక్ లేదు మేడమ్... సారీ, సార్. కొనకుండా టెస్ట్ చేయొచ్చా?)

పర్లేదమ్మా. (నవ్వులు) సైజు వరకూ చేయొచ్చు. డెక్ తెర అంగుళానికి దాదాపు 216 పిక్సెళ్లు, 27 అంగుళాల 1440 మానిటర్ దాదాపు 109. అంటే గేమ్ వ్యూలో 1280×800 పెట్టి `Scale` సరిగ్గా `1x` ఉంచితే, బొమ్మ డెక్‌లో కంటే రెట్టింపు వెడల్పు వస్తుంది. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే, డెక్‌ని 30 సెంటీమీటర్లలో పట్టుకున్నట్టే కంటికి అదే సైజు. విండోస్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 100 శాతం ఉందో లేదో చూసుకోండి, 125 ఉంటే లెక్క తప్పుతుంది. ఒపాసిటీ మాత్రం ఇలా తేలదు. మెట్రో పట్టాలు పైన ఉంటాయి, కిటికీలోంచి ఎండ నేరుగా తెర మీద పడుతుంది, అప్పుడు నలుపు కూడా నలుపుగా ఉండదు. దానికి ఎవరిదైనా డెక్ అడిగి తీసుకుని పగటిపూట బయటికి వెళ్లాల్సిందే.